స్వరూప ఏరిన మెచ్చుకోళ్లు

ఆత్మకూరు దాటి రెండు కిలోమీటర్లు పోతే రోడ్డుకు ఎడమ పక్కన విత్తన కంపెనీవాళ్ల పరీక్ష మడులు కనిపిస్తాయి. గద్వాల వైపు రైతులు పండించిన పత్తి విత్తనంలోంచి ఒక్కొక్కరిదీ గుప్పెడు తెచ్చి అక్కడ వేరువేరు మడుల్లో వేస్తారు. మొక్కలన్నీ ఒక్క తీరుగా పెరిగితే ఆ రైతు విత్తనం పాసైనట్టు. ఆకు తీరు వేరైనా, పువ్వు రంగు మారినా, కాండం మీద నూగు తేడాగా ఉన్నా ఆ మొక్క కేళీ. కేళీలు ఎక్కువైతే రైతుకు రావలసిన ధర రాదు.

స్వరూప పదకొండేళ్లుగా ఆ మడుల్లో కేళీలు ఏరుతోంది. చేతిలో నోటు పుస్తకం, చెవి వెనక పెన్సిలు. సాలు పక్కన నడుస్తూనే తేడా మొక్క దగ్గర ఆగుతుంది. కొత్తగా చేరిన ఆఫీసరు ఒకసారి పరీక్షకని ఆమె లెక్కేసిన మడిలోనే మళ్లీ తాను లెక్కేశాడు. ఒక్క మొక్క ఎక్కువ వచ్చింది. ఇద్దరూ వెళ్లి చూస్తే తప్పు ఆఫీసరుదే. ఆమె ఆ మాట బయట ఎక్కడా చెప్పలేదు. ఆఫీసరే అందరికీ చెప్పాడు.

ఆమె భర్త గోపి పుణెలో సెంట్రింగ్ పనికి పోయి మూడో అంతస్తు నుంచి పడ్డాడు. ఆరేళ్లయింది. నడుము కింద కాళ్లు పనిచేయవు. భుజాలు మాత్రం ఇప్పటికీ సెంట్రింగ్ మనిషి భుజాలే. మంచం మీంచి చక్రాల కుర్చీలోకి తానే దిగుతాడు, తానే ఎక్కుతాడు.

రెండేళ్ల కింద వనపర్తి దవాఖానకు పోతుంటే ఆటో దారిలో చెడిపోయింది. ఎండ. ఎవరో నలుగురు బైకులు ఆపి గోపిని ఎత్తి చెట్టు నీడన కూర్చోబెట్టారు. మంచివాళ్లే. కానీ ఎత్తేటప్పుడు లుంగీ జారింది.  ఆ తర్వాత గోపి ఇల్లు కదలడమే తగ్గించాడు.

ఈ ఏడు వనపర్తి మార్కెట్ దగ్గర లారీలు తూచే కాటా మీద కూర్చునే పని ఒకటి దొరికింది. కంప్యూటర్ ముందు కూర్చుని తూకం చీటీలు తీయాలి. కొత్త పంట వచ్చేసరికి చేరాలన్నారు. రోజూ పోయి రావాలి. గోపి ఇంటర్ చదివాడు, చేయగలడు. పోవడమే సమస్య. చేతితోనే బ్రేకు, ఎక్సిలేటరు నడిపే లివరు బిగిస్తే కాళ్లు లేకున్నా కారు నడపొచ్చనీ, ఆ కారుకు క్లచ్ ఉండకూడదనీ దవాఖానలో ఒకరు చెప్పారు. పుణె కాంట్రాక్టరు ఇచ్చిన నష్టపరిహారం బ్యాంకులో అలాగే ఉంది. దాంతో ఒక్క కారే వస్తుంది.

"బండి ఏదన్నా కానీ," అన్నాడు గోపి, "నడిమిట్ల ఆగొద్దు. గంతే. ఇంకోపారి నన్నెవరూ మోయొద్దు."

స్వరూపకు ఆ మాట చాలు. ధర, రంగు, సీటు బట్ట, అన్నీ పక్కకుపోయాయి. దారిలో ఆగని బండి.

ఇద్దరూ కూర్చుని ఫోన్లో వెదికారు. చివరికి మిహిక అనే కారు దగ్గర ఆగారు. ఆటోమేటిక్. ధర అందుబాటులో ఉంది. కొత్త రూపంతో వచ్చి ఐదు నెలలైంది. దాని మీద వీడియోలు లెక్కలేనన్ని. అందులో మూడు గోపికి బాగా నచ్చాయి. నల్ల కళ్లద్దాల కుర్రవాడొకడు కొండ దారిలో నడుపుతూ, "వెన్నలా సాగుతోంది మిత్రులారా," అంటాడు.

"వెన్నెక్కడ సాగుతదే? కరుగుతది గానీ," అన్నాడు గోపి. అయినా రెండోసారి చూశాడు.

స్వరూపకు వీడియోలు చాలలేదు. తెలిసిన పని తెలిసినట్టే చేసింది. కొన్నవాళ్లమంటూ జనం రాసిన అభిప్రాయాలను రెండు వందలు తీసి నోటు పుస్తకంలో వరసగా గీతలు గీసింది. ఇంగ్లీషువి గోపి చదివి చెప్పాడు. మెచ్చుకున్నది ఒక గీత. తిట్టినది కేళీ, మీద కొట్టివేత. పదిహేను సాయంత్రాలు పట్టింది. నూట ఎనభై ఎనిమిది ఒక్క తీరుగా వచ్చాయి. పన్నెండు కేళీలు.

"పాస్," అంది స్వరూప.

గోపి నవ్వాడు. "నీ మడిల ఏసినట్టు ఏసినవ్ గదనే!"

"మడైతే ఏంది, బండైతే ఏంది? అంతమంది ఒక్క తీరు చెప్తుంటే అబద్ధమెట్లైతది?"

అదే వీధిలో అనంతయ్య సారు ఉన్నారు, రిటైరైన టీచరు. మూడు నెలల కిందే మిహిక కొన్నారు. సాయంత్రం స్వరూప అడగబోతే గేటు దగ్గరే అందుకున్నారు.

"సూపర్ బండమ్మా! కళ్లు మూసుకొని కొను. బుక్ చేసేటప్పుడు మాత్రం నా పేరు, నా నంబరు రాయించు. మర్చిపోకు."

"ఎందుకు సార్?"

"ఏం లేదమ్మా. మన తరఫున పోతే నాకొక సర్వీసు ఫ్రీ చేస్తరు. నీకూ ఏదో మ్యాటు గీటు ఇస్తరు."

"ఎంత తిరిగింది సార్ మీది?"

"ఏడొందల కిలోమీటర్లు. నేనెక్కడికి పోతనమ్మా? గుడికి, బడికి." లోపలి నుంచి ఆయన భార్య, "గుడికి గూడ నడిచే పోతడు, గీతలు పడ్తయని," అంది.

స్వరూప నవ్వుతూ ఇంటికొచ్చింది. ఒక సర్వీసు కోసం మెచ్చుకునే మనిషి చెడ్డవాడేమీ కాదు. అయినా ఆ మాట పుస్తకంలో రాయాలంటే పెన్సిలు ఎందుకో కదల్లేదు.

సోమవారం మహబూబ్‌నగర్ వెళ్లి బుక్ చేయాలనుకున్నారు. ఆదివారం పొద్దున షాజియా, రోజూ వచ్చినట్టే, స్వరూప వాళ్ల బర్రె పాలకని వచ్చింది. వెనకింటి పిల్ల, సెల్‌ఫోన్లు బాగుచేసే ముజీబ్ భార్య. స్వరూపను అక్కా అంటుంది. గోపి పడ్డ ఏడాది వనపర్తి దవాఖానకు నాలుగు నెలలు అన్నం మోసింది ఆ ఇంటివాళ్లే. బల్ల మీద నోటు పుస్తకం తెరిచి ఉంది. స్వరూప తనకు బాగా నచ్చిన మాటలు కొన్ని అందులో ఉన్నవున్నట్టే దింపి రాసుకుంది. షాజియా పాలగిన్నె పట్టుకుని నిలబడే చదివింది. చదివి, గిన్నె కింద పెట్టింది.

"అక్కా, ఇది నువ్వే రాసుకున్నవా?"

"ఫోన్ల నుంచి దింపుకున్న. ఏమైంది?"

 షాజియా తలుపు వైపు చూసింది. గోపి లోపలి గదిలో ఉన్నాడు.

"ఈ మూడోది నేను రాసిందే."

స్వరూపకు అర్థం కాలేదు. "నీకు కారెక్కడిదే?"

"కారు లేదు, ఖాక్ లేదు. ఫోన్ల గ్రూపు ఒకటుండె. ఇంట్ల కూసోని పని అన్నరు. వాళ్లే మాటలు పంపుతరు, మనం వేరే వేరే పేర్లతోని పెట్టాలె. ఒక్కదానికి పదిహేను రూపాయలు. హోటళ్లకు పెట్టిన, పండ్ల దవాఖానకు పెట్టిన. ఈ కారుకు ఇరవై దాకా పెట్టినట్టున్న." ఆమె గొంతు తగ్గింది. "మెయింటెనెన్స్ దాదాపు సున్నా అని ఉంది చూడు. అది వాళ్లు పంపిన మాటే. నాకు యాదికుంది. మస్తు నవ్వుకున్న అప్పుడు. ఎవ్వలో తెల్వనోళ్లు చదువుతరనుకున్న అక్కా. గోపన్న చదువుతడనుకోలే."

స్వరూపకు కోపం రావాలి. రాలేదు. పాలు చల్లారుతున్నాయని మాత్రం తోచింది. ఈ పిల్ల ఏమీ చెప్పకుండా పాలు తీసుకుని వెళ్లిపోవచ్చు. ఎవరికీ తెలిసేది కాదు. చెప్పింది.

"కూసో," అంది. "నాకు సూపెట్టు. ఎట్ల తెలుస్తది?"

షాజియా కూర్చుంది. ఫోన్లో ఒక మెచ్చుకోలు తెరిచి, రాసిన మనిషి పేరు మీద వేలు పెట్టింది. ఆ పేరుతో రాసినవన్నీ వరసగా వచ్చాయి. ఒకే రోజు గోవాలో హోటలు, సూరత్‌లో దంతాల డాక్టరు, మిహిక కారు. అన్నిటికీ ఐదుకు ఐదు స్టార్లే. ఇంకో పేరు తెరిస్తే అదీ అంతే. ఇంకొకటి తెరిస్తే ఆ మనిషి జన్మలో రాసింది ఆ కారు గురించి ఒక్కటే.

"తారీఖులు చూడక్కా."

స్వరూప చూసింది. మెచ్చుకోళ్లలో ఎక్కువ భాగం కారు కొత్త రూపంతో వచ్చిన మొదటి మూడు వారాల్లోనే పడ్డాయి. ఒకటి దగ్గర ఆమె వేలు ఆగింది. రెండేళ్లుగా వాడుతున్నాను, ఒక్క రూపాయి ఖర్చు రాలేదు అని ఉంది. కింద పెట్టిన ఫొటో ఐదు నెలల కింద వచ్చిన కొత్త రూపానిది.

"ఐదు నెలల బండిని రెండేండ్లు ఎట్ల నడిపిండే?"

"నడపలే. రాసిండు," అంది షాజియా.

అప్పుడు స్వరూప వీడియోలు మళ్లీ తెరిచింది, గోపికి నచ్చిన మూడూ. ఈసారి మాటలు వినలేదు. బొమ్మ ఆపి ఆపి చూసింది. మొక్కల్ని చూసినట్టే. మూడో వీడియో దగ్గర పిలిచింది.

"ఇగో, జర ఇటు రా."

గోపి కుర్చీ తోసుకుంటూ వచ్చాడు. మూడు వీడియోల్లోనూ కారు నంబరు ఒకటే. ముగ్గురు వేర్వేరు మనుషులు, ఒకే బండి, ఒకే కొండ దారి. కింద చిన్న అక్షరాల్లో, ఇంకా అని ఉన్నచోట నొక్కితేనే కనిపించేలా, ప్రయాణం, బస కంపెనీ ఏర్పాటు అని రాసి ఉంది. ఒక్కడు మాత్రం ఆ మాట నోటితో కూడా చెప్పాడు. మిగతా ఇద్దరూ చెప్పలేదు.

"అందరూ ఒక్కరోజే నడిపిండ్రు," అన్నాడు గోపి నెమ్మదిగా. "అదీ ఖాళీ రోడ్డు మీద."

స్వరూప నోటు పుస్తకం ముందుకు లాక్కుంది. తప్పు రాసినవాళ్లదే కాదు, సగం తనది కూడా అనిపించింది. మడిలో మొక్కలన్నీ ఒక్క తీరుగా ఉండాలి, ఎందుకంటే అవి ఒకే సంచి విత్తనం. మనుషులు ఒకే సంచిలోంచి రారు. నూట ఎనభై ఎనిమిది మంది వేర్వేరు ఊళ్లలో, వేర్వేరు దారుల్లో నడిపి ఒక్క మాటే అన్నారంటే ఆ మాట ఒకే సంచిలోంచి వచ్చింది. కేళీలని తాను కొట్టేసిన పన్నెండే బహుశా నిజంగా మొలిచినవి.

కొట్టివేతల కింది పేర్లు ఇంకా కనిపిస్తున్నాయి. ఆ పన్నెండూ మళ్లీ తెరిచారు. ఐదు ఒట్టి తిట్లు, ఏ బండి నడిపారో కూడా లేదు. వాటిని పక్కన పెట్టారు. మూడు షోరూము మీద కోపం, బండి మీద కాదు. మిగతా నాలుగింటిలో కిలోమీటర్లున్నాయి, నెలలున్నాయి, బాగున్నదేదో చెడ్డదేదో రెండూ ఉన్నాయి. ఏసీ బాగుంది, వెనక సీటు ఇరుకు అని ఒకరు. రెండేళ్ల కింద పొగిడి, మళ్లీ వచ్చి దాని కిందే రాసినవారు ఇంకొకరు: మంచి బండే, కానీ నలభై వేల కిలోమీటర్ల దగ్గర గేర్లు మార్చే మోటారు పోయింది. నాలుగింటిలో రెండు ఆ గేరు మోటారు గురించే. ఏడాది తేడాతో, వేర్వేరు మాటల్లో, ఒకే జబ్బు. రెండూ పాత రూపం బండ్లే.

"పాతదానికి గదా?" అంది షాజియా.

"ముఖం మార్చిండ్రు," అన్నాడు గోపి. "గేరుడబ్బా మార్చిండ్రా లేదా, అది తెల్వాలె."

ఈసారి స్వరూపకు ఎవరిని అడగాలో తెలిసింది. కారు అమ్మనివాణ్ణి. హైదరాబాద్‌లో చేతి లివర్లు బిగించే స్టీఫెన్ అనే మెకానిక్ నంబరు దవాఖానవాళ్లు ఎప్పుడో ఇచ్చారు. ఆయనకు ఏ కారైనా ఒకటే, లివరు బిగించడమే ఆయన పని. గోపి, "కారు ఎట్లుందన్నా" అని అడగబోతే స్వరూప ఫోను తీసుకుంది.

"అన్నా, మిహికకు అందరికన్న ముందు ఎవరికి బిగించినవు? ఆ మనిషి నంబరు కావాలె."

అవతల స్టీఫెన్ ఒక నవ్వు నవ్వాడు. "ఎట్లుందని గదమ్మా అందరు అడుగుతరు! ఆగు, రాసుకో." మూడు నంబర్లు ఇచ్చాడు. గేరుడబ్బా పాతదే, ఏం మారలేదని కూడా చెప్పాడు. ఒక నంబరు పలకలేదు. రెండోవారు, బండి అమ్మేశామమ్మా అని పెట్టేశారు. అదీ ఒక జవాబేననుకుంది స్వరూప. మూడో నంబరు నాగర్‌కర్నూల్లో దేవరాజుది. కలెక్టరాఫీసు దగ్గర జిరాక్స్ దుకాణం. చిన్నప్పుడే పోలియో వచ్చి రెండు కాళ్లూ పోయాయి. నాలుగేళ్లుగా మిహిక నడుపుతున్నాడు.

"ఫోన్ల చెప్తే మీకు తెల్వదు చెల్లె," అన్నాడు. "తమ్మి కూసొని చూడాలె. శుక్రవారం నాకు వనపర్తిల పనుంది. దవాఖాన ఎనుక మైదానం కాడికి రాండ్రి."

శుక్రవారం ఆటోలో పోయారు. దేవరాజు అప్పటికే వచ్చి కారులోనే కూర్చుని ఉన్నాడు. తెల్ల మిహిక, పాత రూపం, కుడి తలుపు మీద పొడుగు గీత. స్టీరింగు కింద నల్ల లివరు. ఆ చుట్టుపక్కల ఇంకో నలుగురు చేరి చూస్తుంటే స్వరూప అడిగింది, "బండెట్లుంది అన్నా?"

"బాగుంది," అన్నాడు దేవరాజు. 

జనం కదిలేదాకా ఆగి, ఆయన పక్క సీటు తలుపు తెరిచాడు. "ఎక్కు తమ్మీ, నువ్వే." గోపి కుర్చీలోంచి సీటులోకి చేతుల మీద జరిగాడు. సీటు, కుర్చీ దాదాపు సమానం ఎత్తు. కష్టం లేకుండా ఎక్కాడు. స్వరూప కుర్చీ మడిచి వెనక పెట్టి కూర్చుంది.

తలుపులు మూసుకున్నాక దేవరాజు గొంతు మారింది. డాష్‌బోర్డు అర తెరిచి బొత్తి తీశాడు. నాలుగేళ్ల సర్వీసు బిల్లులు, తారీఖు వరసగా.

"నలుగుట్ల నా బండిని నేనే తిట్టుకోలేను చెల్లె. మాకు గదే కాలు. ఇప్పుడు చెప్త ఇను. అరవై ఒక్క వేలు తిరిగింది. టైర్లు ఒక్కపారి మార్చిన. ఏసీ అప్పటి లెక్కనే. ఎక్కుడు దిగుడుకు దీన్ని మించింది లేదు. కానీ ఇది చూడు." ఒక బిల్లు ముందు పెట్టాడు. "నలభై రెండు వేల కాడ కల్వకుర్తి తొవ్వల కాల్వ కట్ట మీద ఆగింది. గేరు పడలే. మోటారు పోయింది. వారంటీ అయిపోయి నెల అయింది. ఆ సామాను రానీకి పదకొండు రోజులు."

"ఆ రోజు..." అన్నాడు గోపి. "ఎట్ల వచ్చినవు అన్నా ఇంటికి?"

దేవరాజు ఆ బిల్లు మడిచి బొత్తిలో పెట్టాడు. "ఇద్దరు ఎత్తి ట్రాక్టరు ట్రాలీల కూసోబెట్టిండ్రు. గడ్డి మీద."

గోపి తల ఊపాడు. 

"ఇంకోపారి కొనాల్నంటే ఇదే కొంటవా అన్నా?" స్వరూప వెనక నుంచి అడిగింది.

"ఇదే బండి కొంట. ఈ గేరు మాత్రం కొన. ఇది పేరుకే ఆటోమేటిక్. లోపల క్లచ్ ఉంటది, మన కాలు తొక్కేది మోటారు తొక్కుతది. ఎత్తు మీద ఎక్సిలేటరు తోని ఆపిపెడితే జల్ది అరుగుతది. నాకా కిటుకు చెప్పినోడు లేడు. ఇదే మిహికల పై రకముంటది. దానికి వేరే గేరుడబ్బా, అచ్చం ఆటోమేటిక్, పాతకాలపుదే గాని గట్టిది. స్టీఫెన్ బిగించినయి నాలుగు తిరుగుతున్నయి, ఒక్కటి ఆగలే. ధర ఎక్కువ. కొత్తది అందకపోతే రెండు మూడేండ్ల పాతది చూడుండ్రి. కానీ బిల్లులు లేని బండి ముట్టుకోకుండ్రి."

తర్వాత ఆయన, స్వరూప వెనక నుంచి తీసిపెట్టిన తన చక్రాల కుర్చీలోకి దిగి, గోపిని డ్రైవరు సీటులోకి మారమన్నాడు. గోపి మొదటిసారి కారు స్టీరింగు పట్టుకున్నాడు. తాళం గోపి చేతికి ఇచ్చి దేవరాజు పక్క సీటులోకి ఎక్కాడు. లివరు తోస్తే బ్రేకు, లాగితే పరుగు. ఖాళీ మైదానంలో కారు ముందుగా ఎగిరింది, ఆగింది, మళ్లీ కదిలింది. రెండో చుట్టుకు గోపి నవ్వడం మొదలుపెట్టాడు. స్వరూప వెనక సీటులో కూర్చుని వాళ్లిద్దరి తలలూ చూస్తూ ఉండిపోయింది.

పోయేటప్పుడు ఆమె అడిగింది, "నీ పనైందా అన్నా, వనపర్తిల?"

"ఏం పని?" అన్నాడు దేవరాజు. అని, తేరుకుని, "ఆ, అయింది అయింది," అన్నాడు. కారు తిప్పుకుని వచ్చిన దారినే నాగర్‌కర్నూలు వైపు పోయాడు.

మహబూబ్‌నగర్ షోరూముకు వాళ్లు పోలేదు. పై రకం మిహిక కోసం రెండు నెలలు తిరిగారు. మొదటిదానికి బిల్లులు లేవు. రెండోదానికి మీటరు మీది కిలోమీటర్లు, బిల్లుల మీదివి సరిపోలలేదు. మూడోది మూడేళ్ల బండి, కల్వకుర్తిలో గీత అనే నర్సుది. బొత్తి నిండా బిల్లులున్నాయి. బండికేం జబ్బని అడిగితే, "వెనక అద్దం వైపరు పనిచేయది, పెట్రోలు జర ఎక్కువ తాగుతది," అంది గీత, దాచకుండా. ముజీబ్ తెలిసిన మెకానిక్‌ను తెచ్చి చూపించాడు. అదే కొన్నారు. లివరు బిగింపు, రవాణా శాఖ కాగితాలు, గోపి లైసెన్సు, అంతా అయ్యేసరికి కొత్త పంట మార్కెట్‌కు రావడం మొదలైంది. అప్పుడే మొదటి రోజు కాటా దగ్గరికి గోపి తానే నడుపుకుని పోయాడు. షాజియా గేటు దగ్గర నిలబడి కోడిగుడ్డు తిప్పి దిష్టి తీసింది. ఆమె రాసిన మెచ్చుకోళ్లు ఇరవైలో గుర్తున్నవన్నీ తీసేసిందని స్వరూపకు ముజీబ్ చెప్పాడు. స్వరూప ఆ సంగతి మళ్లీ ఎత్తలేదు. పాలు ఇస్తూ ఓ గరిటె ఎక్కువ పోసింది.

నాలుగు నెలల తర్వాత ఒక శనివారం దవాఖాన ముందు గోపి కారు ఆపుకుని స్వరూప కోసం చూస్తున్నాడు. చంకలో కర్రలతో ఒకాయన దగ్గరికొచ్చి కారు చుట్టూ తిరిగాడు. లివరు చూశాడు. మందులు తీసుకుని వస్తున్న స్వరూపకు ఆయన అడగడం వినిపించింది.

"అన్నా, బండెట్లుంది? మంచిగుందా?"

గోపి కిటికీ అద్దం పూర్తిగా దించాడు. "నాకింకా తెల్వదు తమ్మీ. నేను నడపబట్టి నాలుగు నెలలే. ఇప్పటికైతే ఆగలే." జేబులోంచి ఫోను తీశాడు. "ఇది మూడేండ్లు నడిపిన అక్క నంబరిస్త. దీని కింది రకం నాలుగేండ్లు నడిపిన అన్న నంబరు గూడ ఇస్త. ఆయనను ఫోన్ల అడగకు, కలువు. రాసుకో."